బోర్డు తలుపు వెనక కాగితం

మా పెద్దనాయన నల్లగొండలో కరెంటు పని చేసేవాడు. ప్రకాశం బజారు దగ్గర సందులో చిన్న దుకాణం, దానికి బోర్డు కూడా ఉండేది కాదు, అయినా రామగిరి నుంచి పానగల్లు దాకా ఎవరింట్లో లైట్లు పోయినా నేరుగా అక్కడికే వచ్చేవారు. ఆయన పని నేర్చుకున్నది నాగార్జునసాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో. అక్కడ హిల్ కాలనీలో క్వార్టర్లకు వైరింగ్ చేసే మేస్త్రి దగ్గర హెల్పర్‌గా చేరాడు. అక్కడ ఇంజనీర్లు ప్రతి పనికీ డ్రాయింగ్ అడిగేవారట. ఏ వైరు ఎటు పోయిందో కాగితం మీద లేకపోతే పని అయినట్టు లెక్క కాదు. డ్యామ్ అయిపోయి ఆయన నల్లగొండకు వచ్చేశాక డ్రాయింగ్ అడిగేవాళ్లు లేరు, కానీ ఆయన మాత్రం గీయడం మానలేదు.

ఆయన గీసేది పుస్తకాల్లో ఉండే గుర్తులతో కాదు. పెళ్లి కార్డులు దాచిపెట్టుకునేవాడు, మందంగా ఉంటాయి, వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా. దాని మీద ముందు ఇల్లు గీసేవాడు. వాకిలి ఎటుంది, మెట్లు ఎటెక్కుతాయి, వంటింటి కిటికీ ఎక్కడ. ఇంటి ముందు వేపచెట్టుంటే అది కూడా వేసేవాడు, కాగితం తలకిందులు చేసి చదవకుండా. ఆ తర్వాత రంగు పెన్సిళ్లు. ఎర్ర, పసుపు, నీలం కరెంటు తెచ్చే ఫేజులకు, నలుపు ఆ కరెంటు తిరిగిపోయే న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు. గోడలో, స్లాబులో కనబడకుండా పోయిన పైపులకు చుక్కల గీత. జంక్షన్ బాక్సుకు చిన్న సున్నా చుట్టి పక్కన ‘దర్వాజ నుంచి మూడు జానలు’ అని రాసేవాడు. కింద తేదీ, సంతకం, తన వైర్‌మన్ పర్మిట్ నంబరు. కొత్త చొక్కా ప్యాకెట్టుకు వచ్చే ప్లాస్టిక్ కవర్లో ఆ కార్డు పెట్టి, వైరు క్లిప్పులకు కొట్టే బుడ్డ మొలలతో మెయిన్ బోర్డు చెక్క తలుపు లోపలివైపు కొట్టేవాడు. ఇంటివాళ్లలో చాలామంది దాన్ని పట్టించుకునేవారు కాదు. కొందరు దాని మీదనే పాల లెక్కలు రాసుకునేవారు.

ఇప్పుడు చెప్పేది 2003 చలికాలం సంగతి. నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు, సెలవు రోజులు దుకాణంలో కూర్చునేవాణ్ని, పెద్దనాయన పనికి పోతే సామాను అందించేవాణ్ని. అసలు పని నేర్చుకుంటున్నది మా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు. పదో తరగతి తర్వాత చదువు ఆపి మామ దగ్గర చేరాడు. చెయ్యి చాలా చురుకు. స్విచ్ బోర్డు విప్పి మళ్లీ బిగించడంలో అప్పటికే పెద్దనాయన కంటే వేగం. ఆ నెలలో పెద్దనాయనకు కంటి ఆపరేషన్ అయి ఇంట్లోనే నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు, వచ్చిన పనులన్నీ బావే చూసుకుంటున్నాడు.

రామగిరిలో ఒక రిటైర్డ్ టీచర్ గారిల్లు. 1987లో కట్టినప్పుడు కింద మాత్రమే ఉండేది, 1994లో పైన రెండు గదులు వేసి అద్దెకిచ్చారు. బోరు మోటరు కోసం త్రీఫేజ్ సర్వీసు తీసుకున్నారు కాబట్టి, ఎర్ర ఫేజు కింది ఇంటికి, పసుపు ఫేజు పై గదులకు, మోటరుకు మూడూ. రెండుసార్లూ వైరింగ్ చేసింది పెద్దనాయనే. ఆ రోజు పొద్దున్నే సార్ దుకాణానికి వచ్చి ఒక విచిత్రమైన మాట చెప్పారు. పైనవాళ్లు గీజర్ వేస్తే కింద తమ హాల్లో బల్బు ఎక్కువగా వెలుగుతోందట. గీజర్ ఆపితే మళ్లీ మామూలు అవుతోందట. అప్పటికే ఆ వారంలో రెండు బల్బులు మాడిపోయాయి.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. పెద్ద లోడు వేస్తే లైట్లు కొంచెం డల్ కావడం మనందరికీ అలవాటే, వైరు సన్నగా ఉంటేనో వోల్టేజీ తక్కువుంటేనో అట్లా అవుతుంది. కానీ ఒకచోట లోడు వేస్తే ఇంకోచోట లైటు పెరిగిందంటే అది వేరే జబ్బు. అట్లాంటిచోట మొదట అనుమానించాల్సింది న్యూట్రల్‌నే. ఎక్కడో న్యూట్రల్ జాయింటు వదులైందన్నమాట. బావకు ఆ సంగతి సగం తెలుసు. వదులు జాయింటు ఉందని పట్టేశాడు, ఎక్కడుంటుందో కూడా ఊహించాడు. మేం బయల్దేరే ముందు ఇంటికి పోయి పెద్దనాయనకు చెబితే ఆయన నల్లద్దాల వెనక నుంచే, ‘‘ఆ ఇంటి బోర్డు తలుపు ఎనక కాగితముంటది. అది చూడంది దేనికీ చెయ్యి పెట్టకున్రి’’ అన్నాడు. బావ ‘‘సరే మామా’’ అన్నాడు గానీ అప్పటికే సైకిల్ ఎక్కేశాడు.

మెయిన్ బోర్డు వరండాలో ఉంది. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు మూడు వరసగా. బావ ఎర్ర ఫేజు ఫ్యూజు గుంజి జేబులో వేసుకున్నాడు, మనం పైన పనిలో ఉంటే ఎవరో వచ్చి తెలియక పెట్టేయకుండా అట్లా జేబులో వేసుకోవాలని పెద్దనాయనే నేర్పాడు. మెయిన్ కూడా దించుదామని చెయ్యి పెట్టేసరికి పై నుంచి ఆ ఇంటి అక్క, ‘‘తమ్మీ, పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తున్న, బడికి టైమైతుంది, పది నిమిషాలు మాది తీయకు’’ అంది. మాది కింద పనే కదా అని బావ మెయిన్ వదిలేశాడు.

జంక్షన్ బాక్సు మెట్ల పక్కన, స్లాబు కిందికి ఉంది. సార్ వాళ్ల ఇనుప స్టూలు వేసుకుని బావ ఎక్కాడు. మూత విప్పగానే మాడిన వాసన. లోపల నల్ల వైర్ల జాయింటు మీద టేపు కాలి గట్టిపడి పెంకులా ఉంది, పక్కన వైర్ల పీవీసీ తొడుగు మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. దొరికింది, ఇదే. టెస్టర్ తీసి ఎర్ర వైరు మీద పెట్టాడు, వెలగలేదు. ఆ నల్ల జాయింటు మీద పెట్టాడు, అదీ వెలగలేదు. ‘‘చూసినవా, సాఫ్’’ అని కటింగ్ ప్లేయర్ అందుకుని కాలిన టేపు ఒలవడం మొదలుపెట్టాడు. టేపు వచ్చేస్తే మెలి విప్పి, మాడిన రాగి కత్తిరించి, కొత్తగా చుట్టాలని ఆలోచన. ప్లేయర్‌కు పిడి తొడుగు ఉంది గానీ మెలి విప్పేది వేళ్లతోనే. కాళ్లకు చెప్పులు కూడా లేవు, సార్ ఇంట్లోకి వస్తూ వాకిట్లో విడిచాడు.

నేను వరండాలోకి పోయి బోర్డు తలుపు తిప్పి చూశాను. నాకు ఆయన బొమ్మలు చూడటం ఇష్టం, అంతకంటే గొప్ప కారణం లేదు. ప్లాస్టిక్ కవర్ మీద దుమ్ము, తుడిస్తే కింద బొమ్మ స్పష్టంగా ఉంది. వేపచెట్టు, మెట్లు, మెట్ల పక్కన సున్నా. బోర్డు నుంచి ఆ సున్నా దాకా ఎర్ర గీత ఒకటి, పసుపు గీత ఒకటి, వాటి పక్కన నల్ల గీత మాత్రం ఒక్కటే, పెన్సిల్‌ను రెండుమూడుసార్లు తిప్పి లావుగా గీసింది. సున్నా దగ్గర ఆ ఒక్క నల్ల గీత రెండుగా చీలి ఒకటి కింది గదుల్లోకి, ఒకటి పైకి పోయింది. పక్కన బాణం గుర్తు వేసి తెలుగులో: ‘నూట్రల్ ఉమ్మడి. ఎరుపు, పసుపు రెండు ఫ్యూజులూ తీయనిది ఈ జాయింటు విప్పరాదు. టెస్టర్ నమ్మరాదు.’ చివరి మాట కింద రెండు గీతలు.

‘‘బావా, చెయ్యి తియ్యి! పైకి కూడా అదే నూట్రల్!’’ అని అరిచాను. బావ చెయ్యి ఆగింది గానీ స్టూలు దిగలేదు, ‘‘టెస్టర్ వెలగలేదు కదరా’’ అన్నాడు. కార్డు మొలల నుంచి ఊడదీసి తెచ్చి చేతికిచ్చాను. చదివాడు. మెల్లగా దిగి, పైకి ‘‘అక్కా, ఇస్త్రీ ఆపు, మెయిన్ తీస్తున్న’’ అని చెప్పి మెయిన్ దించేశాడు. అప్పటికి ఆ మెలికల మీద టేపు చివరి చుట్టు మాత్రమే మిగిలుంది.

టెస్టర్ అబద్ధం చెప్పలేదు. బావ దాన్ని పెట్టిన క్షణంలో ఆ నల్ల వైరు మీద నిజంగానే ఏమీ లేదు, ఎందుకంటే జాయింటు ఎంత మాడినా బోర్డు న్యూట్రల్‌తో ఇంకా కలిసే ఉంది. పైన ఇస్త్రీపెట్టెలోంచి వచ్చే కరెంటు ఆ జాయింటు గుండానే నిశ్శబ్దంగా తిరిగిపోతోంది. విప్పిన మరుక్షణం మాత్రం కథ వేరు. పై నుంచి వచ్చిన కొసకు తిరిగిపోయే దారి లేదు, పసుపు ఫేజు ఇస్త్రీపెట్టె కాయిల్ గుండా వచ్చి ఆ కొస మీద నిలబడుతుంది. అక్కడ ఒక చేతిలో బోర్డు వైపు కొస, ఇంకో చేతిలో పై వైపు కొస పట్టుకున్న మనిషి ఉంటాడు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె కాయిల్ నిరోధం యాభై ఓములకు కొంచెం పైన, మనిషి ఒంటిది దానికి ఎన్నో రెట్లు, అంటే 230 వోల్టుల్లో దాదాపు అంతా మనిషి మీదే పడుతుంది. ఈ చేతి నుంచి ఆ చేతికి, గుండె మీదుగా.

ఈ లెక్కలు అప్పుడు మాకు తెలియవు. పెద్దనాయన ఆ సాయంత్రం చూపించాడు. ఆయన తిట్టలేదు, అది నాకిప్పటికీ గుర్తుంది. మంచం మీద కూర్చుని, నన్ను ఒక హోల్డరు, బల్బు, ప్లగ్గు టాపు తెమ్మన్నాడు. కళ్లు సరిగా కనబడక వేళ్లతో తడుముకుంటూ రెండు వైర్లూ ఒక పింగాణీ కనెక్టర్లో బిగించి ప్లగ్గు పెట్టించాడు. బల్బు వెలిగింది. ‘‘నల్ల వైరుకు టెస్టర్ పెట్టు అల్లుడా’’ అన్నాడు. బావ పెట్టాడు, వెలగలేదు. స్విచ్ ఆపించి, ప్లగ్గు వైపు నుంచి వచ్చే నల్ల వైరును కనెక్టర్లోంచి ఊడదీయించి, అది దేనికీ తగలకుండా పక్కకు వంచించి, మళ్లీ స్విచ్ వేయించాడు. బల్బు వెలగలేదు. ‘‘ఇప్పుడు బల్బు దిక్కు ఉన్న నల్ల వైరు పట్టు టెస్టర్‌తోని.’’ బావ పెట్టాడు. టెస్టర్‌లో నియాన్ ఎర్రగా వెలిగింది. బల్బు ఆరిపోయి ఉంది, అయినా నల్ల వైరుకు కరెంటుంది. బావ టెస్టర్ తీసి మళ్లీ పెట్టి చూశాడు, మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు.

తర్వాత ఆయన రెండో సంగతి చెప్పాడు. ‘‘నువ్వు ఎర్ర ఫ్యూజు తీసినవు కాబట్టి ఆళ్ల సామాను బతికేది, నువ్వు పోయేటోనివి. అదే ఫ్యూజు తీయకుండ, ఆ జాయింటు దానంతట అదే ఊడితే?’’ అప్పుడు ఎరుపుకు పసుపుకు మధ్య ఉండే 400 వోల్టుల మీద కింది బల్బు, పై ఇస్త్రీపెట్టె వరసగా ఒకే దారిలో పడిపోతాయి. అరవై వాట్ల బల్బు నిరోధం 880 ఓముల దాకా, ఇస్త్రీపెట్టెది 53. నిరోధం ఎక్కువున్నదాని మీదే వోల్టేజీ ఎక్కువ పడుతుంది. బల్బు మీద 375కు పైన, ఇస్త్రీపెట్టె మీద పాతికకు లోపు. బల్బు టప్‌మని పోతుంది. ఆ సమయంలో బల్బు బదులు టీవీ ఉంటే టీవీ. సార్ ఇంట్లో గీజర్ వేసినప్పుడల్లా బల్బు పెరిగిందంటే ఈ పని సగం జరుగుతున్నట్టే. మాకు అర్థమయ్యేలా పొలం లెక్కలో కూడా చెప్పాడు: రెండు మళ్ల నీళ్లు ఒకే కాల్వలో బయటికి పోతుంటే, ఆ కాల్వకు మట్టి అడ్డం పడితే మీది మడి నీళ్లు కింది మడిలోకి వస్తాయి.

బావ అప్పుడు ఒక మాట అడిగాడు, నాకూ అదే అనిపించింది. ‘‘ఇంత ప్రమాదమని తెలిసి ఒక్క నూట్రల్ ఎందుకేసినవు మామా?’’

పెద్దనాయన సూటిగానే జవాబు చెప్పాడు. 1994లో పై గదులు వేసేనాటికి స్లాబులో వేసిన ముప్పావు పైపు వైర్లతో నిండిపోయింది. పసుపు ఫేజుకు ఒక వైరు ఎట్లాగో లాగగలిగాడు, ఇంకో న్యూట్రల్ పట్టలేదు. గోడ పగలగొడతానంటే అప్పుడే రంగులు వేయించామని ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. గోడ మీద బయట పైపు అంటే అందం పోతుందన్నారు. చివరికి పాత సన్నటి 3/20 న్యూట్రల్ లాగేసి, ఆ స్థానంలో 7/20 లావు వైరు ఒకటే వేసి రెండింటికీ కలిపాడు. కరెంటు మోయడం విషయంలో అది తప్పు కాదు. రెండు వేరు వేరు ఫేజుల కరెంటు ఒకే క్షణంలో పెరిగి ఒకే క్షణంలో తగ్గదు, కాబట్టి అటు పది ఆంపియర్లు, ఇటు పది ఆంపియర్లు వాడినా ఉమ్మడి న్యూట్రల్‌లో తిరిగి వచ్చేది ఇరవై కాదు, పదే. కానీ ఎండాకాలం ఒక ఫేజు పడిపోతే మనవాళ్లు ఏం చేస్తారు, ఫ్యూజు దగ్గర వైరు మార్చి రెండూ ఒకే ఫేజు మీద పెట్టేస్తారు. అప్పుడు పది, పది నిజంగానే ఇరవై అవుతాయి. ఆ జాయింటు మాడింది అట్లానే అని ఆయన నమ్మకం. కార్డు మీద కింది మూలన ‘రెండూ ఒకే ఫేజుకు పెట్టరాదు’ అని కూడా రాసే ఉంది, దాని మీదుగా ఎవరో గ్యాస్ సిలిండర్ తేదీలు రాశారు.

‘‘నాకు నచ్చని పని చేసిన, అందుకే గీసి పెట్టిన,’’ అన్నాడు. ‘‘మంచిగ చేసిన పనికి కాగితం లేకున్నా నడుస్తది. ఇట్లాంటి దానికి ఉండాలె. రేపు వచ్చి విప్పేటోడు నేను కాదు గదా.’’

నాకు ఆయన మీద గౌరవం ఎక్కువ పెరిగింది ఆ మాట దగ్గరే. అప్పటిదాకా ఆ రంగు బొమ్మలు ఆయనకు సరదా అనుకునేవాణ్ని.

కంటి కట్టు తీశాక ఆయనే వచ్చి ఆ ఇంటి పని పూర్తి చేయించాడు. ఈసారి సార్‌ను అడగలేదు, చెప్పాడు. మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ జేబులో వేసుకుని, పై గదులకు కొత్త న్యూట్రల్‌ను బయట గోడ మీద పీవీసీ పైపులో తెచ్చి బోర్డు దగ్గర విడిగా బిగించాడు. జంక్షన్ బాక్సులో పైకి పోయే పాత నల్ల కొసను కత్తిరించి టేపు చుట్టి వదిలేశాడు. మిగిలిన జాయింటులో మాడిన రాగిని మెరిసే దాకా గీకించి, మెలి వేయించి, పింగాణీ కనెక్టర్లో స్క్రూ బిగించాడు. తర్వాత గీజర్ వేయించి కింద హాల్లో బల్బు కింద నిలబడి చూశాడు. బల్బులో మార్పు లేదు. అప్పుడు కార్డు మీద ఉమ్మడి హెచ్చరికను నీలం పెన్నుతో కొట్టేసి, కొత్త నల్ల గీత ఒకటి గోడ బయటి నుంచి వేయమని పెన్సిల్ బావ చేతికిచ్చాడు. కింద బావ సంతకం కూడా పెట్టించాడు. బావకు అప్పటికి పర్మిట్ లేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలేశారు.

పెద్దనాయన పోయి చాలా ఏళ్లయింది. బావ ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటాడు, రైసు మిల్లుల ప్యానెళ్ల పనే ఎక్కువ, ఇళ్ల పనులు తెలిసినవాళ్లవి మాత్రమే ఒప్పుకుంటాడు. ఎక్కడ చేసినా కాగితం గీసి ప్యానెల్ తలుపుకు అంటిస్తాడు, ఇప్పుడు ల్యామినేషన్ చేయించి. ఈ మధ్య ఫోన్లో మాట్లాడుతుంటే ఒక కొత్త ఇంటి సంగతి చెప్పాడు. కరెంటు లీకైతే దానంతట అదే పడిపోయే ఆర్‌సీసీబీలు రెండు అంతస్తులకు రెండు పెట్టారు, కింద వేరే, పైన వేరే. పైన ఏది వేసినా రెండూ పడిపోతున్నాయి. కంపెనీ సామాను బాగాలేదని రెండుసార్లు మార్చారట. బావ పోయి మీటరు కూడా పెట్టకముందే అడిగాడట, పై గదికి న్యూట్రల్ ఎక్కడి నుంచి తీశారని. స్విచ్ బోర్డులో దగ్గరగా ఉందని కింది న్యూట్రల్‌కు తగిలించేశారు. ఆర్‌సీసీబీ చూసేదల్లా తన గుండా పోయినంత కరెంటు తన గుండానే తిరిగి వస్తోందా లేదా అని. పైది గుండా పోయింది కిందిది గుండా వస్తే లెక్క రెండింట్లోనూ తప్పుతుంది, రెండూ పడతాయి. ఆ రోజుల్లో ఇవి ఉండి ఉంటే సార్ ఇల్లు మొదటి రోజే పట్టిచ్చేదని బావ అన్నాడు. ఆ ఇంట్లో న్యూట్రల్ విడదీసి, ఆర్‌సీసీబీల టెస్ట్ బటన్లు నొక్కి చూసి, కార్డు గీసి అంటించి వచ్చాడట. వాళ్ల ఇంటి ముందు చెట్టేమీ లేకపోతే గేటు పక్క నీళ్ల ట్యాంకు గీశానని చెప్పాడు.